చాక్‌పీసు పట్టకముందే మెనూ బోర్డు

టిఫిన్ సెంటర్ కౌంటరు పక్కన నిలబెట్టే నల్లబోర్డు చాలావరకు ఒకే చోట పాడవుతుంది. పైన 'నేటి మెనూ' అని ధీమాగా, పెద్దగా పడుతుంది. ఇడ్లీ, వడ, పూరి దాకా పని సాఫీగా సాగుతుంది. సగం దాటేసరికి అక్షరాలు చిక్కిపోవడం మొదలవుతుంది. చివరి మూడు రకాలు ఫ్రేము అంచున ఇరుక్కుంటాయి, 'పెసరట్టు ఉప్మా' ధరకు చోటు లేక అంకెలు పైకి వంగుతాయి. తుడిచి మళ్లీ రాస్తే నల్లటి బోర్డు బూడిదరంగుకు తిరుగుతుంది, పాత గీతల నీడ కొత్త గీతల వెనక కనిపిస్తూనే ఉంటుంది. తప్పుపోతే తుడుచుకోవచ్చులే అన్న ధైర్యమే ఈ చిక్కంతటికీ మూలం. చేయి తిరిగిన బోర్డు ఆర్టిస్టులు అందుకే మొదట చాక్‌పీసు జోలికి వెళ్లరు. గ్రాఫు కాగితం, పెన్సిలు, టేపు ముందేసుకుని కూర్చుంటారు.

ఆ కాగితం మీద తేలాల్సినవి మూడు: ఏది ముందు కనబడాలి, ఏ అక్షరానికి ఎంత చోటు కావాలి, ఉన్న బోర్డులో అదంతా పడుతుందా. అక్షరాల సొగసు ఆ తర్వాతి సంగతి.

ఏది ముందు, ఏది వెనక

మెనూ బోర్డును ఎవరూ పుస్తకంలా పై నుంచి కిందికి చదవరు. రోడ్డు మీద పోయే మనిషి ఇక్కడ ఏం దొరుకుతుందో చూస్తాడు. లోపలికి వచ్చినవాడు టిఫిన్లు ఎటున్నాయి, కాఫీ ఎటుంది అని వెతుకుతాడు. వరుసలో నిలబడ్డవాడు తనకు కావాల్సిన రకం, దాని ధర చూసుకుంటాడు. పార్సిల్‌కు అదనమా అన్న సందేహం డబ్బులు ఇచ్చేటప్పుడుగానీ రాదు. ఈ నాలుగు చూపులకు నాలుగు అంతస్తుల అక్షరాలు సరిపోతాయి: పెద్ద శీర్షిక, విభాగం పేరు, రకాలు-ధరలు, అడుగున సూచన. ఇంతకుమించి అంతస్తులు పెడితే బోర్డు సంత అవుతుంది.

హోటల్ పేరును మళ్లీ బోర్డు మీద రాయాలన్న ముచ్చట చాలామంది యజమానులకు ఉంటుంది. గుమ్మం పైన పెద్ద సైన్‌బోర్డు ఉండగా ఇక్కడ దానికి చోటివ్వడం దండగ. అదే చోటులో రెండు రకాల టిఫిన్లు పడతాయి.

అంతస్తుకూ అంతస్తుకూ తేడా స్పష్టంగా ఉండాలి. 3 సెంటీమీటర్ల అక్షరం పక్కన 3.5 సెంటీమీటర్ల అక్షరం పెడితే, కావాలని పెద్దగా రాసినట్టు అనిపించదు, చేయి తప్పినట్టు అనిపిస్తుంది. కింది అంతస్తు కన్నా పై అంతస్తు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటేనే కంటికి తేడా అందుతుంది. ఇంగ్లీషు బోర్డులకు ఇక్కడ ఒక సులువు ఉంది. విభాగం పేరును అన్నీ పెద్దబడి అక్షరాలతో రాస్తే, పరిమాణం పెంచకపోయినా అది శీర్షిక అని తెలిసిపోతుంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. కాబట్టి తెలుగు బోర్డులో అంతస్తుల తేడా పరిమాణం నుంచి, గీత మందం నుంచి, రంగు నుంచి, చుట్టూ వదిలిన ఖాళీ నుంచే రావాలి. ఇంగ్లీషు నమూనా చూసి తెలుగు బోర్డు గీస్తే అంతా ఒకే మాదిరిగా కనిపించడానికి కారణం ఇదే.

ఏ అంతస్తు ఎంత పెద్దదన్నది చూసేవారి దూరం తేలుస్తుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అన్నది సైన్‌బోర్డుల పనిలో వాడే మోటు లెక్క. అది ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు పుట్టిన లెక్క కాబట్టి, మెలికలు ఎక్కువున్న తెలుగుకు కాస్త ధారాళంగానే తీసుకోవాలి. పైగా తెలుగు అక్షరం ఎత్తు అంటే వత్తుతో, గుడితో కలిపి కొలిచేది కాదు. నడుమ ఉండే ఒళ్లు ఒక్కదాన్నే కొలవాలి.

తెలుగు వరుసకు మూడు పట్టీలు

రూళ్ల నోటుపుస్తకం అలవాటు ఒక వరుసకు రెండు గీతలు చాలనిపిస్తుంది. బోర్డు మీద తెలుగు వరుసకు మూడు పట్టీలు కావాలి. నడుమ పట్టీలో అక్షరం ఒళ్లు కూర్చుంటుంది. పై పట్టీ తలకట్టుకు, గుడికి, ఏత్వానికి, ఓత్వానికి. కింది పట్టీ వత్తులకు, 'మైసూర్ బజ్జీ'లోని 'మై' లాంటి అక్షరానికి కింద వేలాడే ఐత్వపు మెలికకు. నడుమ పట్టీ 3 సెంటీమీటర్లయితే పైన 1.2, కింద 1.3 వదలాలి. కింది వరుసతో ఒరుసుకోకుండా మరో సెంటీమీటరు ఖాళీ. మొత్తం ఒక్కో వరుసకు 6.5 సెంటీమీటర్లు, అంటే అక్షరం ఒంటికి రెట్టింపు కన్నా ఎక్కువ. చోటు చాలకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. రాసేవారు 3 సెంటీమీటర్ల అక్షరానికి మూడున్నరో నాలుగో చాలనుకుని మొదలుపెడతారు.

పట్టీలు లేకపోతే ఏమవుతుందో రెండు మాటల్లో చూడొచ్చు. 'ఇడ్లీ' రాసి, దాని కిందే 'పూరి' రాస్తే, రెండు మాటల్లోనూ రెండో అక్షరమే చిక్కు. పైన 'డ' కింద వేలాడే ల వత్తు, కింద 'రి' మీది గుడి ఒకే చోటికి వస్తాయి. ఎడం తక్కువైతే రెండూ ముద్దయిపోయి 'రి' పోల్చుకోలేని అక్షరమవుతుంది. అదే 'ఇడ్లీ' కింద 'వడ' ఉంటే గుడి లేదు కాబట్టి గొడవ తగ్గుతుంది. ఎడం ఇరుకుగా ఉన్నప్పుడు రకాల వరుసక్రమం మార్చి కూడా ఇలాంటి ఢీ తప్పించవచ్చు. కాగితం మీద అయితే ఇది రబ్బరుతో పోయే పని.

అడ్డంగా వదిలే ఎడానికి వేరే తీరు ఉంది. అక్షరాల మధ్య స్కేలు పెట్టి సమానంగా కొలిస్తే మాట కంటికి ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. రెండు గుండ్రటి అక్షరాలు పక్కపక్కన ఉంటే వంపుల వల్ల పైనా కిందా ఖాళీ తానే ఏర్పడుతుంది, కాబట్టి వాటిని దగ్గరికి జరపాలి. కొమ్ముతో ముగిసే అక్షరం పక్కన కొంచెం దూరం కావాలి. 'ఉప్మా'లోని మ వత్తులా కుడివైపుకు జరిగే వత్తు ఉంటే పక్క అక్షరం ఆ మేరకు తప్పుకోవాలి. మాటకూ మాటకూ నడుమ ఒక 'ర' పట్టేంత చోటు చాలు. వరుస నిండాలని అక్షరాలను విడదీసి సాగదీయడం తెలుగుకు నప్పదు. మాట విరిగి విడివిడి అక్షరాలుగా చదవాల్సి వస్తుంది.

చాక్‌పీసు మందం కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు చాక్‌పీసు సుమారు సెంటీమీటరు లావుంటుంది. దాన్ని అలాగే పట్టి 3 సెంటీమీటర్ల అక్షరం రాస్తే 'శ'లోని చిన్న సున్నాలు పూడుకుపోతాయి. గీత మందం అక్షరం ఒంటిలో ఎనిమిదో వంతు దగ్గర ఉంటే చదవడానికి హాయి. అంటే రకాల పేర్లకు 3, 4 మిల్లీమీటర్ల గీత వచ్చేలా చాక్‌పీసును చెక్కుకోవాలి. శీర్షికకు చెక్కనిదే సరిపోతుంది. చాక్‌పీసును అంతకన్నా సన్నగా చెక్కితే మొన విరుగుతుంది, పొడి రాలుతుంది. అందుకే నడుమ పట్టీ 2 సెంటీమీటర్ల కన్నా తగ్గితే వత్తులు నిలవవు. చోటు లేదని అక్షరం తగ్గించుకుంటూ పోవడానికి ఇది చివరి హద్దు.

అయిదో వంతు బోర్డు

ఒక మామూలు టిఫిన్ సెంటర్ బోర్డును తీసుకుంటే లెక్క తేటపడుతుంది. బోర్డు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. కొలవాల్సింది చెక్క ఫ్రేము లోపలి నల్లభాగాన్ని మాత్రమే. అది 84 సెంటీమీటర్ల వెడల్పు, 114 ఎత్తు తేలిందనుకోవాలి. మూలకూ మూలకూ రెండు కర్ణాలు కూడా కొలిచి చూడటం మంచిది. అవి సమానంగా రాకపోతే ఫ్రేము వంకరగా ఉన్నట్టు, గీతలన్నీ ఒకే అంచు నుంచి కొలుచుకోవాలి.

దీన్ని అయిదో వంతుకు తగ్గిస్తే 16.8 సెంటీమీటర్లు, 22.8 సెంటీమీటర్లు. ఏ4 గ్రాఫు కాగితంలో పడుతుంది, పక్కన లెక్కలు వేసుకోవడానికి చోటు కూడా మిగులుతుంది. కాగితం మీది ఒక మిల్లీమీటరు బోర్డు మీద అర సెంటీమీటరు. అయిదుతో గుణించడం, భాగించడం నోటిలెక్కే కాబట్టి ఈ పరిమాణం వీలుగా ఉంటుంది. ఇంకో ఉపకారం కూడా ఉంది. 0.5 మిల్లీమీటర్ల లెడ్ పెన్సిలు గీత బోర్డు మీద రెండున్నర మిల్లీమీటర్ల గీతకు సమానం, దాదాపు చెక్కిన చాక్‌పీసు మందం. శీర్షికను లావుపాటి స్కెచ్ పెన్నుతో రాస్తే చెక్కని చాక్‌పీసు బరువు వస్తుంది. అలా స్కెచ్‌లో కనిపించే నలుపు-తెలుపుల బరువే రేపు బోర్డు మీదా కనిపిస్తుంది.

మొదట అంచులు వదలాలి. పైన, పక్కల 6 సెంటీమీటర్లు, కింద 8. అడుగున కాస్త ఎక్కువ వదలకపోతే రాతంతా కిందికి జారినట్టుంటుంది. మిగిలింది 72 వెడల్పు, 100 ఎత్తు. అక్షరాల ఒళ్లు అంతస్తుల వారీగా 7, 4.5, 3, 2 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కోటి కింది దానికి ఒకటిన్నర రెట్లు. 7 సెంటీమీటర్ల శీర్షిక రోడ్డు అవతలి నుంచి అందుతుంది, 3 సెంటీమీటర్ల రకాలు వరుసలో నాలుగో మనిషికి అందుతాయి. పట్టీలతో కలిపి శీర్షికకు 13, దాని కింద ఎడం 4. విభాగం పేరుకు 8.5, దాని కింద 1.5, మొత్తం 10. అడుగున పార్సిల్ మాటకు పై ఎడంతో కలిపి 8.

యజమాని ఇచ్చిన జాబితాలో టిఫిన్లు తొమ్మిది, పానీయాలు అయిదు. అన్నీ ఒకే నిలువు వరుసలో రాస్తే ఏమవుతుంది? శీర్షికకు 17, రెండు విభాగాల పేర్లకు 20, రెండో విభాగానికి ముందు ఎడం 4, పార్సిల్ మాటకు 8, మొత్తం 49. మిగిలిన 51 సెంటీమీటర్లలో 6.5 చొప్పున ఏడు రకాలే పడతాయి. ఉన్నవి పద్నాలుగు. వాటిని బలవంతంగా ఇరికిస్తే నడుమ పట్టీ 1.7 సెంటీమీటర్లకు దిగుతుంది, హద్దు దాటినట్టే. బోర్డు మీద నేరుగా మొదలుపెట్టినవారికి ఈ సంగతి ఎనిమిదో రకం దగ్గర తెలుస్తుంది. కాగితం మీద ఒక్క తీసివేతతో తెలిసిపోయింది.

కాబట్టి రెండు నిలువు భాగాలు కావాలి. 72లో నడుమ సందుకు 6 తీసేసి చెరిసగం చేస్తే ఒక్కోటి 33. చూడటానికి న్యాయంగా ఉన్నా, టిఫిన్ల పేర్లు పొడుగు, పానీయాల పేర్లు పొట్టి. ఎడమ భాగానికి 40, కుడి భాగానికి 26 ఇవ్వడమే సబబు.

వెడల్పు తేల్చడానికి అన్నిటికన్నా పొడుగాటి పేరును ముందు రాసి చూడాలి. అక్షరం సగటు వెడల్పు ఒంటి ఎత్తుకు 1.2 రెట్లు అనుకుని మొదలుపెట్టవచ్చు. ఇది రాసేవారి చేతిని బట్టి మారుతుంది కాబట్టి తమ రాతలోనే పది అక్షరాలు కొలుచుకోవడం మేలు. 'ఉల్లిపాయ రవ్వ దోశ' ఎనిమిది అక్షరాలు. 3.6 చొప్పున 29, రెండు ఖాళీలకు 4.5, ధర రెండంకెలకు 5. మొత్తం 38.5 వచ్చింది. 40లో పట్టిందన్న మాటే గానీ పేరుకూ ధరకూ నడుమ ఒకటిన్నర సెంటీమీటరే మిగిలింది. అదే 'ఉల్లి రవ్వ దోశ' అంటే 31 చాలు, హాయిగా 9 మిగులుతుంది. కుడివైపు 'ఫిల్టర్ కాఫీ'ది కూడా అదే ఇరుకు. టిఫిన్ సెంటర్లో దొరికేది ఫిల్టర్ కాఫీయేనని అందరికీ తెలుసు కనుక 'కాఫీ' చాలు. అక్షరం సైజు తగ్గించడం కన్నా మాట తగ్గించడం ఎప్పుడూ మంచిది.

ఇప్పుడు నిలువు లెక్క. శీర్షిక, పార్సిల్ మాట పోగా 75 సెంటీమీటర్లు మిగిలాయి. ఎడమవైపు విభాగం పేరుకు 10, తొమ్మిది టిఫిన్లకు 58.5. ఇంకా 6.5 మిగిలింది, సరిగ్గా ఒక వరుస. దాన్ని నింపే ప్రయత్నం చేయకూడదు, రేపు కొత్త రకం చేరితే అదే దాని చోటు. కుడివైపు పానీయాల పేరుకు 10, అయిదు రకాలకు 32.5. మిగిలిన 32.5లో పైన 28 సెంటీమీటర్ల పెట్టె గీసి, దాని కింద 4.5 ఎడం వదిలితే లెక్క సరిపోతుంది. ఆ పెట్టెలో 'ఈరోజు స్పెషల్' అని చిన్నగా, కింద 'నెయ్యి కారం దోశ' రెండు వరుసలుగా, ధర. ఇక్కడి అక్షరాలను పెంచాల్సిన పని లేదు. చుట్టూ గీత, లోపల ఖాళీ, పసుపు చాక్‌పీసు ఉంటే 3 సెంటీమీటర్ల అక్షరమే మిగతా వాటికన్నా ముందు కనిపిస్తుంది.

ఇలా కొలిచినప్పుడు కుడివైపు అయిదు పానీయాలు ఎడమవైపు ఆరో వరుస నుంచి పదో వరుస దాకా ఒకే గీత మీద కూర్చుంటాయి. ఒకే గీత రెండు వైపులా పనికొస్తుంది, బోర్డు మీద కొలవాల్సిన గుర్తులు తగ్గుతాయి.

శీర్షికలో ఒక చిన్న విశేషం ఉంది. 'నేటి మెనూ'లో వత్తే లేదు, అంటే కింది పట్టీ ఖాళీ. కంటికి కనిపించే ఎడం 4 కాదు, దాదాపు 7 సెంటీమీటర్లు. అక్కడ లతలు, పువ్వులు గీయాలనిపిస్తుంది. గీయకపోతేనే శీర్షిక విడిగా నిలబడుతుంది. పండగ రోజు అక్కడ 'స్పెషల్' అన్న మాట పడితే ప వత్తుకు ఆ చోటు ఎలాగూ కావాలి.

ధరల నిలువు వరుస

ధరలను పేరు ముగిసిన చోటే రాస్తే అంకెలు బోర్డంతా చెల్లాచెదరవుతాయి. వాటికి కుడి అంచున ఒకే నిలువు గీత పెట్టుకుని, ఒకట్ల స్థానం కింద ఒకట్ల స్థానం వచ్చేలా రాయాలి. ప్రతి ధర ముందూ రూపాయి గుర్తు పెడితే ఆ గుర్తులే నిచ్చెనలా ముందు కనిపిస్తాయి, అంకె వెనక పడుతుంది. తీసేస్తే ఎవరికీ సందేహం రాదు. 'వడ' లాంటి పొట్టి పేరుకూ ధరకూ నడుమ 28 సెంటీమీటర్ల దూరం వస్తుంది కాబట్టి కన్ను పక్క వరుసలోకి జారే ప్రమాదం ఉంది. పలచగా నాలుగైదు చుక్కలు చాలు, కన్ను వాటి వెంట నడుస్తుంది. ధరలు నిలువుగా ఒకచోట ఉండటంలో ఇంకో వీలుంది: రేటు మారినప్పుడు తడిగుడ్డతో ఆ పట్టీ ఒక్కటే తుడిస్తే సరిపోతుంది, పేర్ల జోలికి వెళ్లక్కర్లేదు.

స్కెచ్‌కు పరీక్ష

శీర్షికను నడిమధ్యకు తేవడానికి లెక్కకన్నా కాగితం ముక్క నమ్మకం. శీర్షికను విడి కాగితం మీద రాసి, మాట పొడవున కత్తిరించి, రెండుగా మడిచి, ఆ మడతను బోర్డు మధ్యగీత మీద పెట్టాలి. విభాగాల పేర్లను కూడా ఇలాగే ముక్కలుగా రాసుకుంటే అటూ ఇటూ జరిపి చూసుకోవచ్చు. నచ్చిన చోట అంటించి, మొత్తం మీద పలచటి కాగితం వేసి ఎత్తి రాస్తే అసలు స్కెచ్ తయారవుతుంది.

స్కెచ్ అయిదో వంతు కాబట్టి, దాన్ని అయిదో వంతు దూరం నుంచి చూస్తే బోర్డును అసలు దూరం నుంచి చూసినట్టే ఉంటుంది. పది అడుగుల అవతల నిలబడేవారికి ఎలా కనబడుతుందో తెలియాలంటే కాగితాన్ని గోడకు అంటించి రెండడుగుల దూరాన నిలబడాలి. అక్కడి నుంచి రకాలు, ధరలు తడుముకోకుండా చదవగలగాలి. అయిదడుగుల నుంచి శీర్షిక అందాలి. 'పెసరట్టు'లో ట వత్తు కనిపించకపోయినా, 'మజ్జిగ'లో జ వత్తు మసకబారినా ఆ అంతస్తు చిన్నదైనట్టే. తర్వాత కళ్లు సగం మూసి చూడాలి. అక్షరాలు కరిగిపోయి మచ్చలు మిగులుతాయి. శీర్షిక, స్పెషల్ పెట్టె, రెండు విభాగాల పేర్లు వేరువేరు మచ్చలుగా తేలితే అంతస్తులు కుదిరినట్టు. అంతా ఒకే బూడిదరంగు దీర్ఘచతురస్రంలా కనిపిస్తే విభాగం పేర్ల మీద ఎడం పెంచాలి. పేరుకు పైన ఎక్కువ, కింద తక్కువ ఖాళీ ఉంటేనే అది తన కింది వరుసలకు చెందినట్టు అనిపిస్తుంది.

ఆఖరి పరీక్ష అక్షరదోషాలది. రాసినవారి కన్ను తన తప్పును దాటేస్తుంది కాబట్టి స్కెచ్‌ను కౌంటరులో కూర్చునేవారి చేత పైకి చదివించి, ధరలు వారి చేతే సరిచూయించాలి. వత్తు మారిన 'ఇడ్లీ' వినియోగదారుల నోట చాలారోజులు నానుతుంది.

ఈ దశ దాటాక బోర్డు పని కొలతలు ఎక్కించడమే. కాగితం మీది ప్రతి గీతను అయిదుతో గుణించి, ఎడమ ఫ్రేము మీద, కుడి ఫ్రేము మీద పెన్సిలుతో గుర్తులు పెడతారు. కొలతలన్నీ పై అంచు నుంచే తీస్తారు. వరుస నుంచి వరుసకు కొలుచుకుంటూ దిగితే అర మిల్లీమీటరు తప్పు పద్నాలుగో వరుసకు పెద్దదవుతుంది. సుద్దపొడి రాసిన దారాన్ని రెండు గుర్తుల మధ్య బిగించి మీటితే పలచటి గీత పడుతుంది, అక్షరాలు రాశాక పొడిగుడ్డతో అది పోతుంది. స్కెచ్ కాగితాన్ని మాత్రం పారేయకుండా బోర్డు వెనక అంటించి ఉంచాలి. రేపు స్పెషల్ మారినా, నెల తర్వాత ధరలు మారినా కొలతలు మళ్లీ తీసే పని ఉండదు.